బెల్టు సెట్ అవ్వాలంట!

"ఐదొందల కిలోమీటర్లు తిప్పండి సార్, కొత్త బెల్టు సెట్ అయిపోతుంది" అన్నాడు. ఇవాళ పొద్దున, మారతహళ్లిలో ఏసీ లాంజూ ఫ్రీ కాఫీ ఉన్న సర్వీస్ సెంటర్లో. ఇంజన్ బెల్టు, దాన్ని బిగించి ఉంచే టెన్షనరు, దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీ మూడూ మార్చి 7,400 గుంజారు. గేటు దాటి యాక్సిలరేటర్ తొక్కానో లేదో, మళ్లీ అదే ఊళ! సెట్ అవ్వడానికి అదేమన్నా కొత్త చెప్పా?

నెల రోజులుగా వింటున్నా ఆ ఊళ. బండి నిలబడి ఉంటే సన్నగా, రేజింగ్ ఇచ్చేకొద్దీ పైకి. "ఇంజన్ స్పీడుతో పెరుగుతోందంటే ఐడ్లరే సార్" అట. ఒరే నాయనా, ఆ బెల్టు మీదున్నవన్నీ ఇంజన్ స్పీడుతోనే కదా తిరిగేది! బండికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది కాబట్టి అదింకా జోరు. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే అది రెండున్నర, మూడు చుట్లు కొడుతుంది.

కోపంతో నేరుగా జేసీ రోడ్డు పక్క సందులో ఉన్న మదనపల్లె పెద్దాయన దగ్గరికెళ్లా. లాంజూ లేదు, కాఫీ లేదు. ముందు హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వేయించాడు. కరెంటు లోడు పడగానే ఊళ గొంతు మారితే ఆల్టర్నేటర్లోని డయోడ్ల మీద అనుమానమట. మారలేదు. బెల్టుకీ ఫ్యానుకీ తగలకుండా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన టెన్షనర్ పుల్లీ నడిమి బోల్టుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏం లేదు. ఐడ్లర్ బోల్టు మీదా ఏం లేదు. ఆల్టర్నేటర్ ముందు భాగం మీద పెట్టేసరికి మొహం చిట్లించి, "నువ్వూ విను బాబూ" అన్నాడు. తిరగలిలో ఇసుక పోసి తిప్పినట్టుంది!

బండి ఆపి, బెల్టు తీసి మళ్లీ స్టార్ట్ చేశాడు. నిశ్శబ్దం. అర నిమిషంలో ఆపేశాడు, నా బండిలో వాటర్ పంపుని కూడా ఆ బెల్టే తిప్పుతుంది మరి. తర్వాత ఆల్టర్నేటర్ పుల్లీని నా చేత్తోనే తిప్పించాడు. వేళ్లకి గరగరా తగిలింది. బేరింగు పోయింది, అంతే.

అసలు కడుపు మండింది ఆ తర్వాత. డిక్కీలో ఉన్న పాత ఐడ్లర్ చూపించా. వేలితో తిప్పాడు, మెత్తగా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగింది. "గ్రీజు ఎండిపోయుంటే గిర్రున తిరుగుతానే ఉంటాది. దీనికేం రోగం బాబూ?" పాత టెన్షనర్ స్ప్రింగు కూడా గట్టిగానే ఉందట. అది వదులైతే బండి నిలబడి ఉన్నప్పుడే టెన్షనర్ చెయ్యి ఊగుతూ టకటకమంటుందట, రేజింగ్ ఇస్తే చాలాసార్లు తగ్గుతుందట. నాది దానికి సరిగ్గా రివర్సు.

ముందూ వెనకా రెండు బేరింగులు, కూలీతో కలిపి 1,900. అదే సెంటర్ వాడికి ఫోన్ చేసి చెబితే, "అయితే కొత్త ఆల్టర్నేటర్ అసెంబ్లీ వేసేద్దాం సార్" అంటాడు!

ఇంతకీ ఆ సెంటర్ చెప్పిందెవరు? మా బావ. "మనవాళ్లే, కళ్లు మూసుకుని ఇచ్చెయ్" అన్నాడు. ఊళ గురించి చెప్పిన ప్రతిసారీ "నీ చెవులకేదో అయింది" అని నవ్విందీ ఆయనే. బావా, ఇది చదువుతున్నావని తెలుసు. 2019లో తిరుపతి వెళ్తూ ముళబాగిలు దగ్గర నేను కొట్టించిన పెట్రోలు డబ్బులు ఇంకా రాలేదు.