సవరణ: థ్రాట్లింగ్ వాల్వులో మారనిది ఎంథాల్పీ

"అన్నా, వాల్వు దాటినా ఆవిరి 180 డిగ్రీలే అన్నారు. బుక్కులో 110 ఉందేంటి?" అని మండపేట తమ్ముడు అడిగాడు.

తప్పు నాదే తమ్ముడూ. వాల్వులో పని ఉండదు, వేడి పోవడం, వేగం మారడం లెక్కలోకి రానంత తక్కువ. అందుకే వాల్వుకు ముందు ఎంథాల్పీ h1, తర్వాతి ఎంథాల్పీ h2 సమానం, అంటే h1 = h2. ఉష్ణోగ్రత మారకపోవడం ఆదర్శ వాయువు సంగతి, ఆవిరికి అది వర్తించదు.

మీ ఉప్పుడు బియ్యం మిల్లు లెక్కలో ఆవిరి 1 మెగాపాస్కల్, పొడితనం 0.96.

h1 = 762.5 + 0.96 × 2014.6 = 2696.5

వాల్వు తర్వాత 0.1 మెగాపాస్కల్. అక్కడ పూర్తిగా పొడి ఆవిరి ఎంథాల్పీ hg కిలోకు 2675 కిలోజౌళ్లే. మనది ఎక్కువ కాబట్టి ఆవిరి సూపర్‌హీట్ అయింది. పట్టికలో 100, 150 డిగ్రీల మధ్య లెక్కిస్తే 110 వస్తుంది. h1 గనక 2675 కన్నా తక్కువైతే వాల్వు తర్వాత పెట్టిన థర్మామీటరు 99.6 దగ్గరే ఆగిపోతుంది, అప్పుడు దాన్ని బట్టి పొడితనం చెప్పలేం.