మాత్రల ట్రిప్ షీట్

(కడప. ఓ ఇంటి వరండా. సుబ్బరాయుడు ఆర్టీసీ కండక్టరుగా రిటైరై పన్నెండేళ్లయింది. తెల్లవారి నాలుగున్నరకే మెలకువ రావడం మాత్రం రిటైర్ కాలేదు. ఓబులమ్మ కళ్లద్దాలు సర్దుకుని, నిన్న డాక్టరిచ్చిన కాగితం చదువుతోంది.)

ఓబులమ్మ: "థైరాక్సిన్ 50 రోజుకొకటి పరగడుపున ఆహారానికి అరగంట నుంచి గంట ముందు క్యాల్షియంకు నాలుగు గంటల ఎడంగా, టెల్మిసార్టాన్ 40 ఉదయం ఒకటి, మెట్‌ఫార్మిన్ 500 ఉదయం రాత్రి ఆహారంతో, క్యాల్షియం రోజుకొకటి భోజనం తర్వాత, విటమిన్ డి 60,000 వారానికొకటి ఎనిమిది వారాలు..." అబ్బబ్బ, యాడా ఒక్క చుక్క పెట్టలేదే!

సుబ్బరాయుడు: దానికంత చదువెందుకే? పొద్దున కాఫీతో అన్నీ ఒక్కసారే వేసుకుంటున్నా. ఫుల్ లోడ్, ఒకే ట్రిప్పు.

ఓబులమ్మ: థైరాయిడ్ మాత్ర, క్యాల్షియం కలిపేనా?

సుబ్బరాయుడు: అన్నీ పోయేది కడుపులోకే కదా.

ఓబులమ్మ: మూడు నెలలుగా మింగుతున్నా థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ దిగలేదంటే ఇందుకేనేమో! క్యాల్షియం పక్కనుంటే థైరాయిడ్ మందును పట్టేసుకుంటుంది, ఇక పేగు దాన్ని లోపలికి తీసుకోలేదు. కాఫీ కూడా అడ్డమే.

సుబ్బరాయుడు: అంటే బస్సెక్కింది గానీ దిగాల్సిన ఊళ్లో దిగలేదన్నమాట.

ఓబులమ్మ: ఉండు, పట్టిక రాస్తా. ఒక్కో మాత్రకు ఒక్కో గీత...

(రాస్తుంది. ఆయన మెడ సాచి చూస్తాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగం ఒక్కసారిగా నిద్ర లేస్తుంది.)

సుబ్బరాయుడు: ఇదేం పట్టికే? మాత్ర పేరు ముందు, టైము వెనక! బస్టాండులో నిలబడినోడు "ఆరున్నరకు ఏముంది?" అని అడుగుతాడు గానీ, "ప్రొద్దుటూరు బస్సు రోజుకెన్నిసార్లు?" అంటాడా? టైము ముందు రాయి.

ఓబులమ్మ: (ఒప్పుకోవడం ఇష్టం లేక) నేనూ అదే అనుకుంటున్నా. సరే, నాలుగున్నరకు లేస్తావు కదా. లేవగానే థైరాయిడ్ మాత్ర, నీళ్లతో. కాఫీ ఐదున్నరకు.

సుబ్బరాయుడు: గంట కాఫీ లేకుండానా!

ఓబులమ్మ: నేను లేచేదే ఐదుకు, అప్పటిదాకా కాఫీ ఎవరిస్తారు? తర్వాత టిఫిన్‌తో మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర.

సుబ్బరాయుడు: టిఫిన్ ఎనిమిదికని రాయి.

ఓబులమ్మ: గంట రాయను. కారం దోసె తొమ్మిదికైతే మాత్ర కూడా తొమ్మిదికే. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. "తింటూ" అని రాస్తా. మధ్యాహ్నం సంగటి తిన్నాక క్యాల్షియం. తెల్లవారుజాము మాత్రకు ఎంతో దూరం, గొడవలేదు. రాత్రి తింటూ మళ్లీ మెట్‌ఫార్మిన్.

సుబ్బరాయుడు: విటమిన్ డి?

ఓబులమ్మ: అది ఈ పట్టికలోకి రాదు. రోజూ మాత్రల పక్కన రాస్తే నువ్వు రోజూ మింగేస్తావు, అది వారానికొకటి. క్యాలెండరులో ఎనిమిది ఆదివారాలకు సున్నా చుడతా. ఆ అట్ట దేవుని గూట్లో ఉంటుంది, నీ డబ్బాలో కాదు.

సుబ్బరాయుడు: ఇంక లెక్క సరిచూద్దాం. ఇచ్చిన టికెట్లెన్ని, ఎక్కినోళ్లెంతమంది? కాగితంలో రోజుకు థైరాయిడ్ ఒకటి, బీపీ ఒకటి, మెట్‌ఫార్మిన్ రెండు, క్యాల్షియం ఒకటి. ఐదు. పట్టికలో ఐదు. డబ్బాలో చూడు... (లెక్కపెడతాడు) రోజుకు ఆరు ఎట్ల అవుతుంది?

ఓబులమ్మ: ఈ పచ్చ అట్ట ఏందయ్యా?

సుబ్బరాయుడు: పాత బీపీ మాత్ర. కొత్తది ఈ నీలంది. పేర్లు వేరే కదా అని పొద్దున రెండూ వేసుకున్నా.

ఓబులమ్మ: పైన పెద్దక్షరాల పేరు కంపెనీది. కింద చిన్నక్షరాలు చదువు.

సుబ్బరాయుడు: టెల్మి...సార్టాన్... నలభై. (రెండోది) టెల్మి... (ఆగిపోతాడు)

ఓబులమ్మ: ఒకే మనిషికి రెండు టికెట్లు! పొద్దున మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరిగినాయంటివి కదా?

(డాక్టరుకు ఫోన్ వెళ్లింది. పాతది తీసేయమన్నారు, ఈ పూట బీపీ చూసి చెప్పమన్నారు. ఆ తర్వాత లెక్క ఐదుకే ఐదు.)

సుబ్బరాయుడు: నిన్న రాత్రి మెట్‌ఫార్మిన్ మర్చిపోయినా. ఈ రాత్రి రెండు వేసుకోనా?

ఓబులమ్మ: నిన్నటి బస్సు తప్పిపోతే ఈరోజు రెండు సీట్లు పడతావా?

సుబ్బరాయుడు: ...ఒకటే.

ఓబులమ్మ: వేసుకున్నాక ఈ చదరంలో టిక్కు కొట్టు. (పెన్నిచ్చి లోపలికి పోయి, వెంటనే తిరిగొస్తుంది) ఏమయ్యా, ఇదేంది! ఈ వారమంతటికీ టిక్కులు కొట్టేసినావు?

సుబ్బరాయుడు: మళ్లీ మళ్లీ పెన్ను ఎక్కడ వెతుక్కునేది?

ఓబులమ్మ: ఎక్కకముందే టికెట్ చింపే కండక్టర్‌వా నువ్వు! రేపటినుంచి చెకింగ్ నేనే.