గుమ్మ ఊళ్లు గోసానిలోకి ఎలా వచ్చాయి

పర్లాకిమిడిలో మేం కొందరం కలిసి ఊరివారీగా చేతిపంపుల లెక్క తీస్తున్నాం. ఒక కార్యాలయం నుంచి వచ్చిన జాబితా పీడీఎఫ్‌లో ఉంది. బ్లాక్, పంచాయతీ, ఊరు, పంపుల సంఖ్య అని నాలుగే కాలమ్‌లు. ఏటవతల పాతపట్నం వాళ్లకు మండలం ఎలాగో గజపతి జిల్లాలో మనకు బ్లాక్ అలాగ. పట్టిక నుంచి అంకెలు లాగి బ్లాకులవారీగా కూడితే గోసానికి 241, గుమ్మకు 160 వచ్చాయి. జాబితా చివరి పేజీలో వాళ్లే వేసిన సారాంశంలో మాత్రం గోసాని 214, గుమ్మ 187. (ఊళ్ల పేర్లు రాయడం లేదు, అంకెలు కూడా వివరించడానికి నేను వేసుకున్నవే. తప్పు జరిగిన తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.)

మా మామయ్య జీవితమంతా చిట్టాలు రాసిన మనిషి. 241, 214 చూడగానే "అంకెలు తారుమారయ్యాయిరా, తేడా 27, తొమ్మిదితో భాగిస్తే పోతుంది" అన్నాడు. పాత లెక్కల వాళ్ల సూత్రం అది, చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ 187 తారుమారైతే 160 కాదు. పైగా రెండు బ్లాకుల మొత్తం రెండు లెక్కల్లోనూ 401. ఒకచోట ఎంత పెరిగిందో పక్కచోట సరిగ్గా అంతే తగ్గిందంటే అంకె తప్పు కాలేదు. ఊళ్లు ఒక బ్లాకులోంచి ఇంకో బ్లాకులోకి జారాయి. జిల్లా మొత్తం ఒక్కటే సరిచూసుకుని ఉంటే మాకు ఈ తప్పు ఎప్పటికీ కనిపించేది కాదు.

అసలు పీడీఎఫ్‌లో పట్టిక అనేది సాధారణంగా ఉండదు. ఫలానా చోట ఫలానా అక్షరం, ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి గీత అని మాత్రమే ఉంటుంది. వరసలు, గడులు మనం చూసి ఊహించుకునేవి. `pdfplumber` లాంటి పైథాన్ లైబ్రరీ ఆ గీతలు కలిసే మూలలు పట్టుకుని గడులు కడుతుంది. గుమ్మలో ఇరవై ఊళ్లుంటే, బ్లాక్ కాలమ్‌లో ఇరవై వరసలకూ కలిపి ఒకటే పెద్ద గడి ఉంటుంది. లైబ్రరీ ఆ గడిలోని పేరును మొదటి వరసకు ఇచ్చి, మిగతా పందొమ్మిదింటికి `None` ఇస్తుంది. పేరు గడిలో ఎక్కడ అచ్చయినా ఇంతే. గడి ఉండి అందులో ఏమీ రాయకపోతే మాత్రం `None` రాదు, ఖాళీ మాట `""` వస్తుంది. ఈ రెండింటికీ ఉన్న తేడాయే ఇక్కడ మొత్తం కథ.

మా జాబితాలో గోసాని నాలుగో పేజీ మధ్యలో ముగిసింది. దాని కింద గుమ్మ మొదలై, ఆరు ఊళ్లయ్యాక పేజీ అయిపోయింది. గుమ్మ పెద్ద గడి అలా రెండు ముక్కలైంది. పేరు ఐదో పేజీలోని ముక్కలో పడింది, నాలుగో పేజీ ముక్క ఖాళీగా ఉండిపోయింది. ఎక్సెల్‌లో ఇది మామూలే. గడులు కలిపే బటన్ పేరును అడ్డంగా మధ్యకు తెస్తుంది తప్ప నిలువుగా కదపదు, నిలువుగా ఎక్సెల్ అలవాటు అడుగున పెట్టడం. అందుకే పేరు పెద్ద గడి చివరి వరసలో, అంటే తర్వాతి పేజీలో అచ్చవుతుంది. ఫైల్ దేనిలో తయారైందో తెలుసుకోవడానికి `pdfinfo` ఆదేశం ఇస్తే చాలు, `Creator` అన్నచోట చాలావరకు ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఉంటుంది.

నాలుగో పేజీ చివరి ఆరు వరసలకు లైబ్రరీ ఇచ్చింది ఒక `""`, ఐదు `None`. ఖాళీ గడి అక్కడుందని అది నిజమే చెప్పింది. నాశనం చేసింది మేం రాసిన ఈ రెండు లైన్లు:

```python
df["block"] = df["block"].replace("", None)
df["block"] = df["block"].ffill()
```

ఖాళీలన్నీ ఒకటే అనుకుని మొదటి లైన్ `""`ను చెరిపేసింది. రెండో లైన్ పైనున్న గోసాని పేరును కిందికి లాక్కొచ్చింది. ఆ ఆరు ఊళ్ల పంపులు 5, 3, 6, 4, 7, 2. కూడితే 27. మొదటి లైన్ రాయకపోయి ఉంటే `ffill` ఆ `""`నే కిందికి దించేది, ఆరు వరసలకు బ్లాక్ పేరు లేకుండా ఖాళీ కనిపించేది. కంటికి కనిపించే ఖాళీ ఎప్పుడూ మంచిదే, వెళ్లి పేజీ చూస్తాం. పద్ధతిగా పూరించిన తప్పు పేరు మీద ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు మేం చేస్తున్నది ఇది. ఏ పేజీలోనూ తెగని పెద్ద గడి ఒకదాన్ని చూసి, పేరు ఎక్కడుందో గమనిస్తాం. పేరు అడుగున ఉంటే, తెగిన గడి ఖాళీ ముక్కకు కింది పేజీ నుంచి పేరు తీసుకుంటాం. పైన ఉంటే పై పేజీ నుంచి తీసుకుంటాం. ఈ అతుకు పేజీల సరిహద్దులో `""` ఉన్నచోట మాత్రమే, పేజీ లోపలి `None`లకు `ffill` సరిపోతుంది. పేరు సరిగ్గా మధ్యలో ఉంటే చిక్కే, ఎటు నుంచైనా రావచ్చు. అప్పుడు రెండు రకాలుగానూ కూడి, సారాంశంతో ఏది కలిస్తే అది ఉంచుతాం. సారాంశమే లేని జాబితా అయితే ఆ వరసల పక్కన "తేలలేదు" అని రాసి వదిలేయాలి, ఊహించి నింపకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని ఫైళ్లలో పేజీ అడుగున గీత ఉండదు. గీత లేకపోతే గడి మూతపడదు, `""` రావాల్సినచోట కూడా `None` వస్తుంది, మళ్లీ మొదటికే వస్తాం. అలాంటి పేజీలకు `explicit_horizontal_lines` అనే సెట్టింగ్‌లో అడుగు గీతను మనమే ఇవ్వాలి.

బ్లాక్ పేరు ఒక్కదాన్నే నమ్మడం కూడా ఇక్కడ కుదరదు. గజపతి జిల్లాలో రాయగడ అనే బ్లాక్ ఉంది, పక్కన రాయగడ జిల్లా ఉంది, ఆ జిల్లాలోనూ రాయగడ బ్లాక్ ఉంది. రెండు జిల్లాల జాబితాలు కలిపేటప్పుడు జిల్లా పేరు కాలమ్ ముందే చేర్చకపోతే ఇవి నిశ్శబ్దంగా ఒకటైపోతాయి.

వర్డ్‌లో చేసిన జాబితాల తీరు వేరు. ఎక్సెల్ సాధారణంగా వరసను రెండు పేజీలకు చీల్చదు, వర్డ్ చీలుస్తుంది. మరమ్మతుల అంచనా జాబితా ఒకటి అలాంటిదే. కాలమ్ ఇరుకు, దాంతో 1,24,500 అనే మొత్తం రెండు లైన్లకు విరిగింది. సరిగ్గా అక్కడే పేజీ మారింది. ఏడో పేజీ అడుగున "1,24,5", ఎనిమిదో పేజీ పైన "00". (ఎక్సెల్‌లో అయితే చోటు చాలనప్పుడు `####` కనిపించేది, కనీసం తెలిసేది.) పేజీకి పేజీ విడిగా అంకెలుగా మార్చి కూడితే 1,245 కు సున్నా కలిసి 1,245 దగ్గరే ఆగింది. మొత్తంలో 1,23,255 రూపాయలు తక్కువ. దీని జాడ కూడా వేరు: ఒక్కవైపే లోటు కనిపిస్తుంది, దాన్ని సరిచేసే పెరుగుదల ఇంకెక్కడా ఉండదు. క్రమసంఖ్య లేని వరస పేజీ మొదట్లో, ప్రతి పేజీ పైన తిరిగి వచ్చే శీర్షిక తీసేశాక, కనిపిస్తే అది ముందు పేజీ చివరి వరసకు తోక. గడికి గడి అక్షరాలుగా అతికించి, కామాలు తీసి, ఆ తర్వాతే అంకెగా మార్చాలి.

ఈ అవస్థంతా ఆ ఎక్సెల్ ఫైల్ ఇస్తే ఉండదని తెలుసు. 2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 2(జె) కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కు ఇచ్చింది. ఆ సెక్షన్‌లో ఫ్లాపీల మాట కూడా ఉంటుంది, అంత పాత సంగతి. నా ఉద్దేశంలో దరఖాస్తులో "జాబితా కావాలి" అని ఆపకుండా "జాబితా తయారుచేసిన స్ప్రెడ్‌షీట్ ఫైల్ కావాలి" అని విడిగా అడగాలి. మేం అలాగే రాసి పంపాం. అది వచ్చేదాకా ప్రతి వరస పక్కన పేజీ నంబరు, ఆ పేజీలో ఎన్నో వరసో రాసి ఉంచుతున్నాం. గుమ్మ ఊరొకటి గోసానిలో కనిపిస్తే ఎవరైనా ఆ పేజీ తీసి చూసుకోవచ్చు.