సిటీలో క్విక్ షిఫ్టర్ కుదుపు

"క్విక్ షిఫ్టర్ ఉన్నా సిటీలో రెండో గేరుకి వెళ్తుంటే బండి గట్టిగా కుదుపుతోంది, ఫాల్టా?"

చాలావరకు ఫాల్ట్ కాదండీ. క్లచ్ పట్టకుండానే గేరు మార్చనిచ్చేదే క్విక్ షిఫ్టర్. గేర్ లివర్ మీద కాలి ఒత్తిడి పడగానే సెన్సర్ పసిగడుతుంది, ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ ఈసీయూ సెకనులో చిన్న భాగంపాటు ఇంజిన్ లాగుడు ఆపేస్తుంది. ఆ సందులో గేర్ పళ్ల మీద బరువు తగ్గి తర్వాతి గేరు పడుతుంది. యాక్సిలరేటర్ బాగా తిప్పి, ఆర్‌పీఎం పైన ఉన్నప్పుడే ఇది వెన్నలా పనిచేస్తుంది. ట్రాఫిక్‌లో మూడు వేల దగ్గర, సగం సగం తిప్పి నొక్కితే కుదుపు తప్పదు. అక్కడ క్లచ్ పట్టడమే మేలు. ఇంకోటి, కాలు లివర్ కింద ఆనించి ఉంచకండి, సెన్సర్ తికమకపడుతుంది.

గేరు తగ్గించేటప్పుడు క్లచ్ వద్దంటే రైడ్-బై-వైర్, అంటే థ్రాటిల్‌ని కేబుల్ బదులు ఎలక్ట్రానిక్‌గా తెరిచే ఏర్పాటు కావాలి, ఆర్‌పీఎం పెంచే పని ఈసీయూదే కాబట్టి.

రైడింగ్ మోడ్ మారిస్తే అదే మణికట్టు తిప్పుడుకి థ్రాటిల్ ఎంత తెరుచుకోవాలో మారుతుంది. కొన్నిట్లో పవర్ కూడా: 2020 అపాచీ ఆర్‌ఆర్ 310లో స్పోర్ట్‌లో 34 పీఎస్, రెయిన్‌లో 25.8. గతుకుల్లో చెయ్యి అదిరి బండి ఎగిరెగిరి పడుతుంటే మెత్తటి మోడ్ పెట్టి చూడండి.