సవరణ: అడ్వాన్సు క్లాజును విడగొట్టిన తీరు తప్పు

“అద్దెదారు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. బాకీలు తీర్చాలి. తాళాలు అప్పగించాలి. యజమాని 30 రోజుల్లో అడ్వాన్సు తిరిగివ్వాలి.” మొన్నటి పోస్టులో అద్దె అగ్రిమెంటులోని ఒక పొడవాటి వాక్యాన్ని నేను ఇలా నాలుగు ముక్కలు చేసి, అర్థం మారలేదన్నాను. మారింది, పొరపాటు నాదే. అగ్రిమెంట్లు రాసే ఒక న్యాయవాది మూలంతో పోల్చి చూపించారు.

మూలం ఇది: “అద్దెదారు రెండు నెలల ముందు నోటీసు ఇచ్చి, బాకీలు తీర్చి, తాళాలు అప్పగించిన పక్షంలో, అప్పగించిన నాటి నుండి 30 రోజులలో యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వవలెను.”

కీలకం ఆ “పక్షంలో”. అది పోయేసరికి షరతులు విడి బాధ్యతలైపోయాయి. నా పాఠం ప్రకారం బాకీ ఎగ్గొట్టినవాడూ అడ్వాన్సు అడగొచ్చు. 30 రోజులు ఏ రోజు నుంచి లెక్కించాలన్నది కూడా ఎగిరిపోయింది.

సరైన రూపం:

“కింది మూడూ జరిగితేనే యజమాని అడ్వాన్సు తిరిగివ్వాలి:
(అ) అద్దెదారు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వడం;
(ఆ) బాకీలు తీర్చడం;
(ఇ) తాళాలు అప్పగించడం.
గడువు, తాళాలు అప్పగించిన నాటి నుండి 30 రోజులు.”

“మూడూ” అన్న మాట తీసేయకండి. అది లేకపోతే ఏదో ఒకటి చాలని వాదించే వీలుంటుంది.