సవరణ: కీబోర్డ్ లైటు వెలగకపోతే

“Fn + Space నొక్కితే స్క్రీన్ మీద గుర్తు వస్తోంది, కానీ లైటు రావట్లేదు. కీబోర్డ్ మార్చాల్సిందేనా?”

అక్కర్లేదు. కీబోర్డ్ లైటు వెలగాలంటే Fn + Space నొక్కమని నిన్నటి పోస్టులో రాశాను. అది ఎక్కువగా థింక్‌ప్యాడ్ లాంటి లెనోవో ల్యాప్‌టాప్‌లకే. మిగతావాటిలో లైటు బొమ్మ ఉన్న కీ చూడండి.

ముందు గది చీకటి చేయండి. ఆటో మోడ్‌లో ఉంటే వెలుతురు సెన్సర్ పగటిపూట లైటు ఆపేస్తుంది. చీకట్లోనూ వెలగక, అక్షరాలు మాత్రం బాగానే పడుతుంటే రిబ్బన్ కేబుల్‌ను అనుమానించాలి. చాలా మోడళ్లలో లైటుకు విడిగా సన్నని రిబ్బన్ ఉంటుంది. కీబోర్డ్ విప్పి బిగించాక ఇది వదులవడం మామూలే.

ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. లైటు రిబ్బన్ సాకెట్ మీది చిన్న మూతను గోటితో మెల్లగా పైకెత్తి, రిబ్బన్‌ను వంకర లేకుండా చివరిదాకా తోసి మూత వేయండి. మూత ఎత్తకుండా తోస్తే రిబ్బన్ కొస మడతపడుతుంది. అప్పటికీ వెలగకపోతేనే కొత్త కీబోర్డ్ గురించి ఆలోచించండి.