అత్తగారి పాపిడి, స్టీల్ స్కేలు

ఇది జరిగి ఇంకా మూడు రోజులే అయింది, ఇప్పటికీ హాల్లోకి వెళ్లాలంటే ముందు తల ఒక్కటే పెట్టి అత్తయ్యగారు ఎటు చూస్తున్నారో చూసుకుని వెళ్తున్నా. కాబట్టి కాస్త చిరాగ్గా ఉంటే ఏమనుకోకండి.

మొదలు పార్లర్ దగ్గర. చవితి అయ్యాక చివర్లు చిట్లాయని వెళ్లి "ఒక్క అంగుళం" అన్నా, వేలు కూడా చూపించా. ఆ అమ్మాయి అంగుళం ఏ దేశందో తెలీదు, కళ్లు మూసి తెరిచేసరికి నడుం దాకా ఉన్న జడ భుజాల కిందకి వచ్చి ఆగింది. కింద పడ్డదాన్ని ఇంటికొచ్చి కొలిస్తే 23 సెంటీమీటర్లు. (అవును, ఏరుకొచ్చా. నవ్వకండి.) "స్ప్లిట్ ఎండ్స్ చాలా పైదాకా ఉన్నాయి మేడమ్, ట్రిమ్ చేస్తే త్వరగా పెరుగుతుంది, ఆరు వారాలకోసారి అరంగుళం తీయించుకోండి" అంది, పైగా గ్రోత్ స్పా ప్యాకేజీ కూడా చూపించింది. కత్తిరించేది కూడా వాళ్లే, పెంచుతామనేది కూడా వాళ్లే!

అసలు బాధ ఏంటంటే మాఘమాసంలో మా ఆడపడుచు పెళ్లి. అత్తయ్యగారు వాళ్లమ్మగారి బంగారు జడకుప్పెలు బీరువాలోంచి తీసి "పెళ్లిలో నువ్వే పెట్టుకో అమ్మాయ్" అని అందరి ముందూ అనేశారు. జడ ఉంటే కదా కుప్పెలు వేలాడేది. భుజాల మీద వేలాడితే అవి జడకుప్పెలు కావు, చెవి జూకాలు.

సరే లెక్క వేద్దాం అనుకున్నా. మొదటి లెక్క ఎంత బాగా వచ్చిందంటే... ఆదివారం నూనె పెట్టుకున్న జుట్టు దువ్వి టేపుతో మెడ దగ్గర్నుంచి చివరి దాకా కొలిచి రాసుకున్నా. మళ్లీ ఆదివారం తలంటుకుని, తడి ఆరకముందే కొలిచా. సరిగ్గా ఒక సెంటీమీటర్ పెరిగింది! వారానికి ఒకటి, కావాల్సింది 23, అంటే 23 వారాలు, క్యాలెండర్లో వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్తే ముహూర్తం ఉన్న వారం మీద ఆగింది. దేవుడు ఉన్నాడు అనుకుని అత్తయ్యగారికి కూడా చెప్పేశా, "మాఘానికి అందుకుంటుందండీ" అని.

మా ఆయన మాత్రం అన్నం కలుపుకుంటూనే "అంటే ఏడాదికి 52 సెంటీమీటర్లా? మరి నీకు ముప్పై రెండేళ్లు కదా, మిగతాదంతా ఏమైంది?" అన్నాడు. అలాంటప్పుడు చేతిలో గరిటె ఉండటం ప్రమాదం.

కానీ పాయింటే. కొంచెం వంకీలున్న జుట్టు నాది, పొడిగా ఉంటే ముడుచుకుంటుంది, తడిస్తే సాగి వంకీలు విప్పుకుంటుంది, టేపు కొంచెం గట్టిగా లాగితే ఇంకో అర సెంటీమీటర్ ఊరికే వస్తుంది. పెరిగింది జుట్టు కాదు, నా ఆశ. చివర్న కొలిస్తే వచ్చేది ఇదే, పెరిగేది అక్కడ కాదు కదా, కుదురు దగ్గర. బయటికొచ్చిన వెంట్రుకకి ప్రాణం ఉండదు, దాన్ని కోశారో కోయలేదో లోపలున్న కుదురుకి కబురు కూడా అందదు. ఇంక ట్రిమ్ చేస్తే త్వరగా ఎలా పెరుగుతుందో ఆ పార్లర్ అమ్మాయే చెప్పాలి.

కాబట్టి కుదురు దగ్గర కొలవాలి. దానికి కుదురు దగ్గర ఒక గుర్తు ఉండాలి, ఫలానా రోజున ఇది ఇక్కడుంది అని. అంటే రంగు వేసుకున్న జుట్టు కావాలి. రంగేసిన రోజు తెలిస్తే, దాని కింద తెల్లగా తొంగి చూసేదంతా ఆ రోజు తర్వాత పెరిగినదే. నాకింకా తెల్లజుట్టు రాలేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క తెల్లజుట్టు అత్తయ్యగారిది, అది కూడా అధికారికంగా లేదు. "మా పుట్టింటి వాళ్లందరికీ నలుపేనమ్మా" అని ఆవిడ వచ్చిన వాళ్లందరికీ చెప్తారు. నెలకోసారి బాత్రూంలో గంటన్నర గడియ పెట్టుకుని, బయటికొచ్చాక రెండు రోజులు చెవి మీద నల్ల మచ్చ కనిపిస్తే "కాటుక అంటింది" అంటారు. చెవికి కాటుక. మేం ఎవ్వరం నోరెత్తం.

చవితి ముందు రోజు గడియ పడింది, నాకు బాగా గుర్తు, ఉండ్రాళ్లకి పిండి తడిపి బాత్రూం కోసం ఎదురుచూశా. నవరాత్రులు మొదలైన రోజుకి సరిగ్గా 27 రోజులు. అప్పటికి పాపిడి దగ్గర సన్నటి తెల్ల గీత, దూరం నుంచి చూస్తే విభూతిలా ఉంది. ఇంత మంచి డేటా ఇంట్లోనే పెట్టుకుని నేను టేపుతో తిప్పలు పడటం ఏంటి?

ఇప్పుడు పరికరం గురించి చెప్పాలి. మావాడి జామెట్రీ బాక్స్‌లో ప్లాస్టిక్ స్కేల్ ఉంటుంది చూడండి, దానికి సున్నా గీత అంచు మీద ఉండదు, అంచుకీ సున్నాకీ మధ్య ఒక మూడు మిల్లీమీటర్లు ఖాళీ. పుస్తకంలో గీతలు గీయడానికి పర్లేదు గానీ తల మీద పెడితే ఆ మూడు లెక్కలోకి రావు, పదికి ఏడే చూపిస్తుంది. అందుకని మా ఆయన టేబుల్ మీది స్టీల్ స్కేల్ తీసుకున్నా, అంచు దగ్గర్నుంచే సున్నా.

మధ్యాహ్నం రెండున్నర. అత్తయ్యగారు ఫోన్‌ని ఫ్లాస్క్‌కి ఆనించి సీరియల్ చూస్తూ, ఆ సీరియల్లో కోడలు విషం కలుపుతుండగా కునుకు తీశారు. తల కొంచెం ముందుకి వాలింది, పాపిడి సరిగ్గా నా వైపు. నా ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని (చేతులు రెండే కదా), ఎడమ చేత్తో నాలుగు వెంట్రుకలు విడదీసి, కుడి చేత్తో స్కేల్ అంచుని మాడుకి ఆనించా. ఇక్కడ ఒక ఇబ్బంది, వెంట్రుక మాడులోంచి నిటారుగా రాదు, పక్కకి పడుకుని వస్తుంది, దాన్ని స్కేల్ వెంబడి బొటనవేలితో ఒత్తి పెట్టాలి. ఇంకోటి, తెలుపు ఎక్కడ ఆగి నలుపు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు ఉండదు, మధ్యలో కాఫీ రంగులో ఒక మిల్లీమీటర్ ఎటూ కాకుండా ఉంటుంది. ఎనిమిదా? పదా? ఊపిరి బిగబట్టి ఇంకొంచెం వంగా. స్టీల్ చల్లగా ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు, ఆవిడ నిద్రలోనే తల మీద దోమని కొట్టినట్టు నా చెయ్యి మీద ఒకటి వేశారు. నేను కదల్లేదు. సైన్స్ అంటే అంతే.

సరిగ్గా అప్పుడే ఫ్లాస్క్‌కి ఆనించిన ఫోన్ మోగింది. వీడియో కాల్, ఏలూరు నుంచి, కాబోయే వియ్యపురాలు గారు. ఆవిడ ఎప్పుడూ మామూలు కాల్ చెయ్యరు, ఎందుకో వాళ్లింట్లో అందరికీ వీడియో పిచ్చి, మనం ఎలా ఉన్నామో ఏంటో అక్కర్లేదు. నేను కట్ చేద్దామనుకునేలోపే అత్తయ్యగారు కళ్లు తెరవకుండానే అలవాటుగా పచ్చ బటన్ నొక్కేశారు. తల ఇంకా వాలే ఉంది. అంటే అవతల వాళ్ల స్క్రీన్ నిండా ఏముందంటే, అత్తయ్యగారి మొహం లేదు, పాపిడి ఉంది, దాని మీద టార్చ్ వెలుగు, ఆ వెలుగులో తళతళలాడే తెల్ల గీత, దాని మీద స్టీల్ స్కేలు, పైన నోట్లో ఫోన్ పెట్టుకున్న నేను. ఆ క్షణంలోనే నాకు గీత స్పష్టంగా కనపడింది, కాల్ సంగతి మెదడుకి అందేలోపే టార్చ్ నోట్లోంచి జారిపోయి నా నోట్లోంచి "తొమ్మిది!" అని కేక వచ్చేసింది.

"ఏంటి వదినగారూ తొమ్మిది?" అని ఫోన్లోంచి.

తర్వాత ఏం జరిగిందో రాయను. ఆ సాయంత్రమే బాత్రూం గడియ పడింది.

ఇంత జరిగాక లెక్క వదిలేస్తానా? 27 రోజులకి 9 మిల్లీమీటర్లు, రోజుకి మిల్లీమీటర్‌లో మూడో వంతు, నెలకి సెంటీమీటర్. వయసు మీద పడ్డవాళ్లకి కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి నాకు ఇంకొంచెం ఎక్కువ ఉండొచ్చు. కానీ నెలకి రెండంగుళాలని నూనె సీసాల మీద రాసేది మాత్రం ఎవరికీ ఉండదు. నా 23 సెంటీమీటర్లకి 23 నెలలు. పెళ్లికి ఉన్నది ఐదు నెలలు కూడా కాదు, వచ్చేది మహా అయితే రెండంగుళాలు. పోనీ నేను చదవడంలో ఒక్క మిల్లీమీటర్ తప్పానే అనుకోండి, పది అయితే ఇరవై నెలల పైన, ఎనిమిదైతే ఇరవై ఆరు. ఒక్క మిల్లీమీటర్ అటో ఇటో అయితే మొత్తం ఐదు నెలల తేడా! అందుకే అంత వంగి చూశానని ఆవిడకి చెప్పాలనుంది, వినేవాళ్లేరి.

ఇంక పార్లర్ వాళ్ల సలహా పాటిస్తే? ఆరు వారాలకి పెరిగేది 14 మిల్లీమీటర్లు, అరంగుళం అంటే 12.7, అది కోసేస్తే నాకు మిగిలేది ఒక మిల్లీమీటర్, ఇంకాస్త. ఆ లెక్కన నడుం దాకా రావడానికి ఇరవై ఏళ్లు. మావాడి పెళ్లికి పెట్టుకోవచ్చు కుప్పెలు.

మా అమ్మ ఫోన్లో ఓదార్చింది, "మన వంశం జడలే, మీ అమ్మమ్మకి మోకాళ్ల దాకా ఉండేది, నీకూ చకచకా వచ్చేస్తుంది" అని. అదీ కాదు. అమ్మమ్మ జుట్టు ఏమీ పరిగెత్తలేదు, దాదాపు నాలాగే నెలకో సెంటీమీటర్ పెరిగి ఉంటుంది. ఒక్కో కుదురు కొన్నేళ్లు వెంట్రుకని పెంచి, తర్వాత మూణ్ణెల్లు ఊరుకుని, దాన్ని రాల్చేసి మళ్లీ మొదట్నించి మొదలెడుతుంది. ఆ కొన్నేళ్లు అందరికీ ఒకటి కాదు, కొందరికి రెండు, కొందరికి ఆరు. మూడేళ్లకే రాలేవాళ్లకి ఎంత నూనె పోసినా అడుగు, ఇంకో రెండు మూడు అంగుళాల దగ్గర ఆగిపోతుంది. అమ్మమ్మ వెంట్రుకలు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఊడకుండా కూర్చుని ఉంటాయి. నాకు నడుం దాకా వచ్చిందంటే నావీ ఐదారేళ్లు ఉంటాయన్నమాట, వచ్చే మాట నిజమే, మాఘానికి మాత్రం కాదు.

నిన్న అత్తయ్యగారు మాట్లాడకుండానే నా మంచం మీద ఒక సవరం పడేసి వెళ్లారు. కొలిచా, 60 సెంటీమీటర్లు.

రాత్రి ఏలూరు నుంచి నాకు విడిగా కాల్. ఈసారి వీడియో కాదు, గొంతు కూడా తగ్గించి. "అమ్మాయ్, ఎవరితో అనకు. నేనూ కొలుచుకున్నా. ఇరవై రోజులకి ఆరు వచ్చింది, తక్కువంటావా?"

ఏ స్కేల్‌తో అండీ అన్నా.

"మా మనవడి ప్లాస్టిక్‌దే."

అయితే తొమ్మిదండీ అన్నా.